చెరిసగం అనుకున్న లెక్క ఎందుకు తెగట్లేదు?

ప్రశ్న: నాన్నకు 77, అమ్మకు 70. నల్గొండలో అన్న దగ్గరే ఉంటారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. నాన్న పడిపోయి తుంటి ఆపరేషన్ అయ్యాక ఖర్చు చెరిసగం అనుకున్నాం. నెలనెలా పంపుతూనే ఉన్నా. చాలట్లేదని అన్న అంటాడు. లెక్క చెప్పమంటే "నన్నే అనుమానిస్తున్నావా" అంటాడు. రెండు నెలలుగా మాటల్లేవు. ఎంత పంపితే న్యాయం?
– ఒక తమ్ముడు, కూకట్‌పల్లి

జవాబు: అంకె చెప్పే ముందు మీకు ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఏలూరులో నాకు వరసకు పిన్ని అయ్యే ఆవిడ ఇల్లు. ఆవిడకు ఇద్దరు కొడుకులు. ఆవిడ పిలిచినట్టే వాళ్ళను పెద్దోడు, చిన్నోడు అనే అంటాను. వాళ్ళిద్దరినీ అడిగే ఇది రాస్తున్నా.

బాబాయి జూట్ మిల్లులో టైమ్ కీపర్‌గా చేసి రిటైరయ్యాడు. సొంత ఇల్లు ఉంది, పైవాటా అద్దెకిచ్చారు. పెద్దోడు ఆ ఇంట్లోనే ఉంటూ బజార్లో జెరాక్సు, స్టేషనరీ షాపు నడుపుతాడు. చిన్నోడిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిసెంబర్ మొదటి వారంలో బాబాయికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా ముద్దముద్దగా వచ్చేది, అందులో సగం అర్థమయ్యేది కాదు. ఆస్పత్రి బిల్లు 3,10,000 అయింది. చిన్నోడు 2,00,000 కట్టాడు. పెద్దోడి దగ్గర 30,000 ఉంటే, మిగతా 80,000కి భార్య గాజులు బ్యాంకులో పెట్టాడు. ఇంటికొచ్చాక నెల ఖర్చు చెరిసగం అనుకున్నారు. చిన్నోడు ప్రతి ఒకటో తారీఖున 10,000 పంపేవాడు.

జూన్‌లో ఒక ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఒకసారి రావే. వీళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవట్లేదు." నేను 31 ఏళ్ళు బ్యాంకులో చేశాను కాబట్టి డబ్బు గొడవ ఎక్కడొచ్చినా మా బంధువులకు ముందు నేనే గుర్తొస్తాను. వెళ్ళాను.

నేను గుమ్మం ఎక్కేసరికే గొడవ మాంచి ఊపులో ఉంది. ముందు గదిలో చిన్నోడు ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దోడి చేతిలో షాపు చిట్టా పుస్తకం. గొడవ మొదలైంది డైపర్ల దగ్గర.

"రోజుకు మూడెందుకు అన్నయ్యా? రెండు సరిపోవూ?"

"ఒక్కపూట నువ్వుండి చూడు, తెలుస్తుంది."

"అడిగితే అలా అంటావేం? నెలకు పదివేలు పంపుతున్నా. ఎటు పోతోందో తెలుసుకోకూడదా?"

"పదివేలు పంపి చేతులు కడిగేసుకున్నావు. రాత్రి రెండింటికి నాన్న పక్క తడిస్తే మార్చేది నువ్వా? మీ వదిన ఆర్నెల్లుగా ఒక్క రాత్రి తిన్నగా పడుకోలేదు."

"నేనూ ఊరికే లేను. ఇంటి లోనుకే 48,000 పోతుంది. నువ్వు నాన్న ఇంట్లో అద్దె లేకుండా ఉంటున్నావు. పైవాటా అద్దె కూడా నువ్వే తీసుకుంటున్నావు. ఆ సంగతి నీ చిట్టాలో ఉందా?"

వంటింట్లో గ్యాస్ కట్టేసిన చప్పుడైంది. పెద్ద కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఏమీ అనలేదు. పిన్ని మాత్రం గొంతు తగ్గించి, "మీ నాన్న వింటున్నాడ్రా" అంది.

బాబాయి మంచం పక్క గదిలోనే. తలుపు తీసే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, మంచం కిందికి చూపిస్తూ ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చూపించాడు. వంగి చూస్తే మిల్లు రోజులనాటి పాత గోనె సంచి ఉంది. అందులో ఇంటి పన్ను రసీదులు, మిల్లు గుర్తింపు కార్డు, వాటి అడుగున బ్యాంకు పాస్‌బుక్ ఉన్నాయి. చివరి ఎంట్రీ నవంబర్‌ది.

ఇప్పుడు ఆ అన్నదమ్ముల లెక్క చెప్తాను. మీకు పనికొచ్చేది అదే.

ఆ పూట పిల్లల రఫ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని ఖర్చులు రాయించాను. ఇద్దరి మందులూ 4,700. డైపర్లు రోజుకు మూడు, ఒక్కోటి 35, నెలకు 3,150. వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అతనికి నెలకు 4,800. ఇద్దరి తిండి, పాలు, గ్యాసు, కరెంటుకు 7,500. మూడు నెలలకోసారి చేయించే పరీక్షలు, డాక్టరు ఫీజు నెలకు పంచితే 1,200. మొత్తం 21,350.

చిన్నోడు వెంటనే అందుకున్నాడు. "చూశావా అక్కా, సగం దాదాపు నేనే ఇస్తున్నా. మిగిలిన 11,350లో అద్దె 6,500 నాన్నదే. అన్నయ్య చేతి నుంచి పోయేది 4,850."

అతను చెప్పింది తప్పు కాదు. పెద్దోడు చెప్పిందీ తప్పు కాదు. ఇద్దరి అంకెలూ నిజమే అయినా లెక్క తెగలేదంటే, అసలు కాగితం ఎక్కనిది ఏదో ఉందన్నమాట. అక్కడ అలాంటివి రెండున్నాయి. మీ ఇంట్లోనూ ఉంటాయని నా అనుమానం.

ఒకటి, కోడలి పని. దానికి బిల్లు ఉండదు కాబట్టి చిన్నోడి ఎక్సెల్‌లో లేదు. ఎంత అని రాయాలో తెలియక పెద్దోడి చిట్టాలోనూ లేదు. అందుకే ఆ పని డైపర్ల లెక్క అడిగినప్పుడల్లా కోపంగా బయటికొచ్చేది. నేను ఒకటే అడిగాను. "రేపు ఆవిడకు టైఫాయిడ్ వచ్చిందనుకోండి. ఏం చేస్తారు?" పెద్దోడు కాసేపాగి, మగ అటెండర్‌ని పెట్టుకుంటాం అన్నాడు. ఏలూరులో పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉండి స్నానం చేయించి, నడిపించి, తిండి పెట్టే మనిషి అప్పుడు 14,000 అడుగుతున్నాడు. ఆ అంకె నోట్‌బుక్‌లో రాశాను. చిన్నోడు ముఖం చిట్లించాడు. "వదిన ఉండగా మనిషెందుకక్కా?"

అప్పుడు తెలిసింది ఇంకో సంగతి. బాబాయి పడక ముందు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా షాపులో కూర్చునేది ఆ అమ్మాయే. పెద్దోడు ఆ టైమ్‌లో సరుకు తెచ్చుకోవడమో కాస్త పడుకోవడమో చేసేవాడు. డిసెంబర్ నుంచి ఆ మూడు గంటలూ షటర్ దించేస్తున్నారు. దగ్గర్లోనే ఆఫీసులున్నాయి. జెరాక్సుల గిరాకీ అంతా ఆ టైమ్‌లోనే. దానివల్ల నెలకు ఆరేడు వేలు తగ్గిందని పెద్దోడు తమ్ముడి ముందు అనడం అదే మొదటిసారి. అడిగితే కదా చెప్పేది అన్నాడు. నువ్వు చెప్తే కదా తెలిసేది అన్నాడు చిన్నోడు.

ఖర్చు 21,350కి 14,000 కలిపితే 35,350.

రెండోది, అమ్మానాన్నల సొంత డబ్బు. పెద్దవాళ్ళను ఎవరు పోషించాలని కొట్టుకునే చాలా ఇళ్ళలో ఆ పెద్దవాళ్ళకు ఏముందో ఎవరూ చూడరు. చూడబోతే ఆశపడుతున్నారు అనుకుంటారేమోనని మొహమాటం. బాబాయికి రిటైరైనప్పుడు వచ్చిన దాంట్లో 6,00,000 సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఉంది. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 12,300 సేవింగ్స్ ఖాతాలో పడుతుంది. నెలకు 4,100 అన్నమాట. పీఎఫ్ వాళ్ళ పెన్షన్ 2,150. పైవాటా అద్దె 6,500. కలిపితే 12,750.

మర్నాడు పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే, ఆర్నెల్లుగా ముట్టుకోని డబ్బు 37,500 ఉంది. జనవరి, ఏప్రిల్ వడ్డీలు, ఆరు నెలల పెన్షన్. పెద్దోడికి ఈ ఖాతా సంగతి అసలు తెలియదని కాదు. జనవరిలో విత్‌డ్రాయల్ ఫారం మీద నాన్న చేత ఎడమ చేత్తో సంతకం పెట్టించి తీసుకెళ్ళాడట. సంతకం కలవలేదని కౌంటర్లో తిప్పి పంపారు. కోర్టు నుంచి కాగితం తెమ్మంటారేమోనని భయపడి మళ్ళీ వెళ్ళలేదు.

ఇది నా పాత ఉద్యోగం సంగతి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. జబ్బు వల్ల సంతకం చెయ్యలేని ఖాతాదారుడి వేలిముద్ర తీసుకుని డబ్బివ్వచ్చని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. మనిషి కదలలేకపోతే ఇంట్లోనే ఆ ముద్ర తీసుకోవచ్చు. మనిషికి తెలివి ఉండి, తను ఏం చేస్తున్నాడో తెలిస్తే చాలు. మాట రాకపోయినా పర్వాలేదు. స్పృహలో లేకపోతేనో, ఏదీ గుర్తు లేని స్థితిలో ఉంటేనో మాత్రం ఈ దారి పనికిరాదు, అప్పుడు వ్యవహారం కోర్టు దాకా పోతుంది. కౌంటర్లో కుర్రాడికి ఇది తెలియకపోవచ్చు. అతనితో వాదించకుండా మేనేజర్‌కి పరిస్థితి రాసి అర్జీ ఇవ్వండి. బాబాయి విషయంలో మేనేజర్ ఒక ఆఫీసర్‌ని ఇంటికి పంపాడు. రెండో సాక్షి పక్కింటాయన, అదే బ్రాంచిలో ఖాతా ఉంది. ముద్ర వేశాక బాబాయి బొటనవేలికి అంటిన సిరాను పిన్ని కొంగుతో తుడుస్తూ ఉంటే, ఆయన ఎడమ చేత్తో ఆ కొంగు పట్టుకుని నవ్వాడు. ఆర్నెల్లలో ఆయన నవ్వడం అప్పుడే చూశామన్నారు.

అదే రోజు ఖాతాలో పిన్ని పేరు కూడా చేర్పించాం. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఒకరు పోయినా రెండోవారు నడుపుకోవచ్చు. బ్యాంకులో దీన్ని 'ఐదర్ ఆర్ సర్వైవర్' అంటారు. ఫారంలో ఆ మాటే ఉందో లేదో చూసుకోవాలి. ఊరికే జాయింట్ అని రాస్తే ప్రతిసారీ ఇద్దరూ సంతకం చెయ్యాల్సి వస్తుంది. పీఎఫ్ పెన్షన్‌కి ఏడాదికోసారి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ని బాబాయి నవంబర్‌లోనే ఇచ్చాడు కాబట్టి పెన్షన్ ఆగలేదు. మళ్ళీ నవంబర్‌కి ఆఫీసు చుట్టూ తిప్పక్కర్లేదు, ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపిస్తే సరిపోతుంది. ఆ పని చిన్నోడు తనమీద వేసుకున్నాడు.

ఇక లెక్క. 35,350లోంచి అమ్మానాన్నల డబ్బు 12,750 తీసేస్తే 22,600. కొడుకులు పంచుకోవాల్సింది అంతే.

ఎలా పంచుకోవాలన్న దగ్గర మళ్ళీ గొడవ. పెద్దోడికి షాపు మీద నెలకు 40,000 మిగుల్తుంది. చిన్నోడి చేతికొచ్చే జీతం 1,20,000. "ఒకటికి మూడు" అన్నాడు పెద్దోడు. "మరి నా లోను?" అన్నాడు చిన్నోడు.

"నీ లోను తీరాక ఆ ఇల్లు ఎవరిది? నీదే కదా. నువ్వు ఆస్తి కొనుక్కుంటే నాన్న మందులకెందుకు తగ్గించాలి?"

"ఇల్లన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. లోను లేకపోతే అద్దె కట్టేవాణ్ణి. నీకు అదీ లేదు."

నిజానికి ఇద్దరూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి లాగుతున్నారు. ఒకరు తల దాచుకోవడానికి డబ్బు కడుతున్నారు, ఇంకొకరు కట్టట్లేదు. పిన్ని కాఫీ గ్లాసులు తీసుకెళ్తూ, "ఆ లోనులో సగం అద్దె అనుకో, సగం నీ ఆస్తి అనుకో. పెద్దోడికి ఈ వాటా అద్దె కలుపుకో. అంతేగా?" అంది. పదో తరగతి దాకా చదివిన మనిషి. నేను బ్యాంకులో లోన్లు చూసినన్నాళ్ళూ ఇంత శుభ్రమైన సూత్రం వినలేదు.

చిన్నోడి 1,20,000లోంచి లోనులో సగం 24,000 తీసేస్తే 96,000. పెద్దోడు ఉంటున్న కింది వాటాకు బయట 8,000 అద్దె వస్తుంది. 40,000కి అది కలిపితే 48,000. రెండుకు ఒకటి. 22,600లో చిన్నోడు 15,000, పెద్దోడు 7,600.

గమనించారా, పెద్దోడు జేబులోంచి తీసేది అంతకుముందుకన్నా పెరిగింది. 4,850 ఉండేది 7,600 అయింది. పైవాటా అద్దె కూడా పిన్ని ఖాతాలోకి పోయింది. అయినా అతను మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. అటెండర్ వస్తే మధ్యాహ్నం షాపు తెరుచుకుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, భార్య పనికి ఒక విలువ ఉందని తమ్ముడు కాగితం మీద ఒప్పుకున్నాడు. చిన్నోడికేమో 5,000 పెరిగింది. అద్దె లెక్కలోకి రావడమే తనకు కావలసిందట.

ఆ అమ్మాయి అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. రాత్రిళ్ళకు కూడా ఏమైనా లెక్క వెయ్యాలా అని నేనే అడిగాను. "నా చేతికి జీతం కట్టకండి వదినా" అంది. "నెలకు రెండు రాత్రులు నిద్ర కావాలి. అంతే." చిన్నోడు నెలకో శని, ఆదివారం వచ్చి నాన్న గదిలో పడుకోవాలి, తన భార్యను తీసుకొచ్చినా సరే, ఒక్కడే వచ్చినా సరే అన్నది షరతు. నోట్‌బుక్‌లో అది కూడా రాసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను.

పాత బాకీల జోలికి వెళ్ళనివ్వలేదు. నాన్నకు నేను కళ్ళద్దాలు కొన్నా, నువ్వు ఫ్రిజ్ కొన్నావు అంటూ తవ్వుకుంటూ పోతే అది తెల్లారే పని కాదు. ఒక్క గాజుల అప్పు మాత్రం వదల్లేదు. బాబాయి ఖాతాలో దొరికిన 37,500 ఆయన వైద్యానికే చేసిన ఆ అప్పుకే కట్టించాను. మిగతాది చిన్నోడు బోనస్ వచ్చినప్పుడు తీర్చాడు. గాజులు తాకట్టులో ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఏ లెక్కా నిలబడదని నాకు అనిపించింది.

మీరడిగిన "లెక్క అడిగితే అనుమానం" గొడవ వాళ్ళింట్లోనూ ఉంది కదా. అది తీరిన తీరు చెప్తాను. చిన్నోడు తన 15,000 మొత్తం అన్నకు పంపట్లేదు. మెడికల్ షాపు అతను నెల బిల్లును ఫోన్‌లో చిన్నోడికి పంపుతాడు, ఇతను అక్కడికే యూపీఐలో కడతాడు. డాక్టరు ఫీజు, పరీక్షల బిల్లు కూడా అంతే. అవి పోగా మిగిలింది పిన్ని ఖాతాకు వస్తుంది. ఇప్పుడు ఎవరూ ఎవరినీ బిల్లులు అడగక్కర్లేదు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. 60 దాటిన తల్లిదండ్రులకు ఆరోగ్య బీమా లేనప్పుడు వాళ్ళ వైద్యానికి కొడుకో కూతురో పెట్టిన ఖర్చుకు ఏడాదికి 50,000 దాకా ఆదాయ పన్నులో మినహాయింపు ఉంది. 80డి అని అందరూ అంటుంటారు కదా, అదే. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది, నగదుగా ఇచ్చినది లెక్కలోకి రాదు. చిన్నోడు ఇంటి లోను వల్ల పాత విధానంలోనే ఉన్నాడు, 30 శాతం శ్లాబు. సెస్సుతో కలిపి ఏడాదికి 15,600 మిగిలింది. అన్నీ నగదుగా పెద్దోడే కడుతున్నన్నాళ్ళూ అది ఎవరికీ దక్కలేదు. ఆ మిగిలింది కూడా ఆస్పత్రి కోసం విడిగా దాస్తున్న దాంట్లో వెయ్యాలన్నాడు పెద్దోడు, చిన్నోడు సరే అన్నాడు. ఆ దాచేది కూడా రెండుకు ఒకటే, నెలకు 3,000, 1,500. మళ్ళీ ఎప్పుడైనా ఆస్పత్రిలో చేరాల్సి వస్తే గాజులు తియ్యక్కర్లేకుండా.

ఒక విషయంలో మాత్రం బాబాయితో నేనే గట్టిగా మాట్లాడాను. ఇల్లు పెద్దోడి పేర రాసేస్తానని ఆయన సైగ చేశాడు. సేవ చేస్తున్నాడన్న జాలి. ఇప్పుడొద్దు అన్నాను. నెల ఖర్చు గొడవలో ఆస్తిని కలిపితే రెండూ చెడతాయి. ఎప్పుడు రాసినా, తమను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద, అలా షరతుతో రాసిచ్చాక చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. షరతు రాయకపోతే తర్వాత నిరూపించుకోవడానికి నానా అవస్థ పడాలి. అదే చట్టం కింద ఆర్డీఓ దగ్గర తల్లిదండ్రులు నెలకు 10,000 దాకా భత్యం కోరవచ్చు. గొడవల్లో అన్నదమ్ములు "ఆర్డీఓ దగ్గరికి పోతా" అని ఒకరినొకరు బెదిరించుకుంటారు కానీ, ఆ హక్కు అమ్మానాన్నలది. తమ్ముడి మీద అన్న వేసే కేసు కాదది.

ఇక మీ సంగతి. నల్గొండలో ఖర్చెంతో నాకు తెలియదు కాబట్టి అంకె చెప్పను. మీ అన్నకు ఫోన్ చేసినప్పుడు మాత్రం బిల్లుల దగ్గర మొదలుపెట్టకండి. ముందు వదిన ఎలా ఉందో అడగండి, ఊరికే కుశలం అడిగినట్టు కాకుండా, రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో అడగండి. తర్వాత నాన్న పాస్‌బుక్ ఎక్కడుందో, సంతకం పెట్టగలుగుతున్నారో లేదో అడగండి. తుంటి ఆపరేషన్ అయితే చెయ్యి బాగానే ఉంటుంది కనుక బ్యాంకు పని సులభం, ఇప్పుడే అమ్మ పేరు చేర్పించేయండి. మీరు అడుగుతున్నది ఆస్తి కోసమని అన్న అనుకుంటాడేమోనని భయముంటే, ఆ డబ్బు నాన్న ఖర్చుకే వాడదాం అని ముందే చెప్పండి. ఆ మాట మెసేజ్‌లో కూడా పెట్టండి. కూర్చుని రాసుకునేటప్పుడు అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. మూడు నెలలకోసారి ఆ కాగితం తిరగరాయండి. ఏలూరులో సెప్టెంబర్‌కే ఫిజియోథెరపీ వారానికి ఒక్కసారికి తగ్గింది. పక్షవాతంలో మొదటి ఆర్నెల్లలో వచ్చినంత మార్పు తర్వాత రాదు, అందుకే అతనే తగ్గించమన్నాడు. ఆ మేరకు ఇద్దరి వాటాలూ తగ్గాయి. మీ నాన్నగారు లేచి నడిస్తే మీకు అటెండర్ ఖర్చే ఉండకపోవచ్చు. తుంటి అతుక్కోక మంచానికే అయితే ఇంకా పెరుగుతుంది. ఇప్పుడే ఒక అంకె ఖాయం చేసేస్తే ఏడాది తిరిగేసరికి మళ్ళీ మాటలు ఆగిపోతాయి.

ఒకటి చెప్పడం మరిచాను. ఆ జూలైలో చిన్నోడు మొదటిసారి ఆ రెండు రాత్రులు ఉండటానికి వచ్చాడు. శనివారం రాత్రి బాబాయి గదిలో నేల మీద పరుపు వేసుకుని పడుకున్నాడు. ఎవరినీ లేపొద్దని వదినకు చెప్పాడట. ఆదివారం పొద్దున్నే నాకు ఫోను. గొంతు బొంగురుగా ఉంది.

"అక్కా, నోట్‌బుక్ నీ దగ్గరే ఉందా?"

"ఉంది. ఏం?"

"డైపర్లు మూడని రాశాం కదా. నాలుగు చెయ్యి."